నాలుగుసార్లు వచ్చే పాదం

చెప్పిన మాటే మళ్ళీ మళ్ళీ చెబుతానని మా ఇంట్లో నా మీద పెద్ద ఫిర్యాదు. నిజమే, చెబుతాను. జీతం తీసుకున్నన్నాళ్ళూ నేను చేసిన పని కూడా అదే. ఏటేటా అవే పాఠాలు, అవే జోకులు. పిల్లలే మారేవారు. మీలో కొత్తగా కాలేజీ ఉద్యోగాల్లో చేరిన వాళ్ళు కనబడితే నాకు ముందు జాలి, తర్వాత ముచ్చట. ఒకే మాట నాలుగుసార్లు చెప్పి నాలుగుసార్లూ కొత్తగా వినిపించడం ఎలాగో నాకు ఒక పద్యం నేర్పింది. ఆ పద్యం నేను రాసింది కాదు. నా దగ్గర చదువుకున్న అమ్మాయి రాసింది.

డెబ్భైల మొదట్లో సంగతి. నేను తెనాలిలో కాపురం ఉంటూ బాపట్ల కాలేజీకి రోజూ పాసింజరులో వెళ్ళి ఇంగ్లీషు చెప్పేదాన్ని. ఆ శాఖలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. నాకు ఓపిక తక్కువని పిల్లలందరికీ తెలుసు. సుద్దముక్క విరిగితే ఆ రోజు ఎవరూ సందేహాలు అడిగేవారు కారు.

మా బండిలోనే తెలుగు మాస్టారు కూడా వచ్చేవారు. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషి, పంచె, లాల్చీ, చంకలో గొడుగు. ఛందస్సు ఆయన నాలుక చివర ఉండేది. దానికంటే ఎక్కువ ఇష్టం నాటకం. తెనాలిలో పద్య నాటకం పడితే ఆయన మొదటి వరసలో ఉండి తీరాలి. నచ్చిన పద్యానికి ముందుగా "వన్స్ మోర్!" అని అరిచేది ఆయనే. అలా అరిస్తే పాత్రధారి ఆగి ఆ పద్యం మళ్ళీ పాడాలి, అది అక్కడి ఆనవాయితీ. కథ ఎక్కడ ఆగిపోయినా ఎవరికీ పట్టదు.

"చచ్చిపోయినవాడు కూడా లేచి పాడి మళ్ళీ చచ్చిపోతాడట కదండీ మాస్టారూ" అని నేను ఏడిపించేదాన్ని.

"నవ్వు తల్లీ, నవ్వు. కానీ ఒకటి చెబుతా విను. పనికిమాలినవాడు రెండోసారి అదే పాట పాడతాడు. దమ్మున్నవాడు ఒక్క అక్షరం మార్చడు, కానీ మొదటిసారి కోపంగా అన్న మాట రెండోసారి ఏడుస్తూ అంటాడు. అందుకే గదా మేం అడిగేది!"

ఈ మాట గుర్తుపెట్టుకోండి. దీంతో నాకు తర్వాత పని పడింది.

ఆ ఏడాది బి.ఏ. మూడో సంవత్సరం వాళ్ళకి పద్యరూపాలు చెబుతూ విలనెల్ దగ్గరికి వచ్చాను. ఫ్రెంచి వాళ్ళ దగ్గర నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన రూపం. పేరు వినగానే వెనక బెంచీ నుంచి ఒకడు "విలన్ గారి చెల్లెలా మేడం?" అన్నాడు. సుద్దముక్క విరిగింది.

రూపం ఇలా ఉంటుంది. మొత్తం పందొమ్మిది పాదాలు. మూడేసి పాదాల చరణాలు ఐదు, చివర నాలుగు పాదాల చరణం ఒకటి. మొదటి చరణంలోని మొదటి పాదం, మూడో పాదం, ఈ రెండూ పద్యానికి పల్లవులు. రెండో చరణం చివర మొదటి పల్లవి వస్తుంది, మూడో చరణం చివర రెండో పల్లవి. నాలుగుకి మళ్ళీ మొదటిది, ఐదుకి మళ్ళీ రెండోది. చిట్టచివర రెండూ పక్కపక్కన కూర్చుంటాయి. అంటే ఒక్కొక్కటి నాలుగేసిసార్లు వినిపిస్తుంది. అంత్యప్రాసలు రెండే. పల్లవులూ, ప్రతి చరణం మొదటి పాదమూ ఒక ప్రాసలో, నడిమి పాదాలన్నీ ఇంకో ప్రాసలో ఉండాలి.

"ఇంతోటి దానికి మన భజనే నయం కదండీ, ఎన్నిసార్లయినా అనుకోవచ్చు" అంది ముందు బెంచీలో ఒకమ్మాయి. క్లాసంతా నవ్వింది, నాకూ నవ్వొచ్చింది. ఆమెది రేపల్లె. బాపట్లలో పిన్నిగారింట్లో ఉండి చదువుకునేది. తెలివైంది, నోరున్నది. ఆ మాట తప్పేమీ కాదు. మన పాటలో పల్లవి ఇంటికి తిరిగొచ్చినట్టు వస్తుంది, హాయిగా ఉంటుంది. విలనెల్‌లో అలా హాయిగా వస్తే పద్యం పాడైనట్టే. తిరిగొచ్చిన ప్రతిసారీ ఆ పాదం మనం ఊహించని చోట నిలబడాలి.

అప్పుడే మాస్టారి వన్స్ మోర్ సంగతి వాళ్ళకి చెప్పాను. అక్షరం మారదు, అనే సందర్భం మారుతుంది. శ్లేష కాదు, మాటకి రెండర్థాలు వెతకడం కాదు. "ఎవరు అంటున్నారు, ఎవరితో అంటున్నారు, అనేముందు ఏం జరిగింది, ఈ మూడింటిలో ఒకటైనా మార్చండి. పల్లవి తనంతట తనే మారుతుంది" అన్నాను. ఎవరికైనా ఉత్సాహం ఉంటే తెలుగులో ఒకటి రాసి తెమ్మన్నాను. ఎవరూ తేరని నా ధైర్యం.

దసరా సెలవుల తర్వాత ఆ రేపల్లె అమ్మాయి కాలేజీకి రాలేదు. చాలా రోజుల తర్వాత వచ్చింది. వాళ్ళ నాన్న పోయారట. మనిషి సగమైంది, నోరు పూర్తిగా పోయింది. ఓదార్చడం నాకు చేతకాదు. హాజరు సంగతి నేను చూసుకుంటాలే అని మాత్రం అన్నాను.

కొన్నాళ్ళకి స్టాఫ్ రూములోకి ఒక కాగితం పట్టుకొచ్చింది. విలనెల్. "కన్నీటి కెరటమా, కదలిపో" అని ఒక పల్లవి, "కాలమా, నన్నిక వదలిపో" అని ఇంకొకటి. లెక్కంతా సరిగ్గా ఉంది, ప్రాస పొల్లుపోలేదు. కానీ నాలుగుసార్లూ కెరటం అదే కెరటం. రెండోసారికి కొంచెం ఎక్కువ ఏడుపు, మూడోసారికి ఇంకొంచెం.

"ఏడుపు పెరగడం వేరు, అర్థం మారడం వేరు తల్లీ" అన్నాను. "ఈ పాదాలు ఎక్కడ పెట్టినా ఏడుస్తాయి. అందుకే ఎక్కడా ఏమీ చెప్పవు. ఏ భావమూ లేని మాట తీసుకో. రోజూ ఇంట్లో అనుకునే మాట. దానికి నువ్వు చోటు చూపిస్తే, ఆ చోటులో ఉన్న బాధంతా అది తాగుతుంది."

ఆమె కాగితం మడిచింది. వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. వెళ్ళకుండా నిలబడి, అప్పుడు చెప్పింది.

వాళ్ళది రేపల్లె స్టేషన్ ఎదుట భోజన హోటలు. రైలు అక్కడితో ఆఖరు. వచ్చిన బండే తిరిగి తెనాలి వెళుతుంది. ఇంజన్ ఇటు విప్పి అటు తగిలించేలోగా గబగబా భోంచేసి ఎక్కేవాళ్ళు ఉంటారు. వాళ్ళమ్మ అరుగు మీద నిలబడి పిలిచేది, "విస్తరి వేశాను, రండి" అని. బండి వెళ్ళిపోతుందేమోనని ముద్ద మింగుతూ లేవబోయే వాళ్ళతో "తొందరేం లేదు, ఉండండి" అనేది. రోజంతా ఆ ఇంట్లో ఆ రెండు మాటలే వినబడేవట.

నాన్న పొద్దున్నే కృష్ణ ఒడ్డున ఉన్న పెనుమూడి రేవుకి వెళ్ళి, లంకల్లోంచి పడవ మీద వచ్చే కూరగాయలు బేరమాడి తెచ్చేవారు. ఆ రోజు ఈమె చదువు గురించి ఇద్దరూ వాదులాడుకున్నారు. చాలు, మాన్పించేద్దాం అని ఆయన, వీల్లేదు అని ఆవిడ. ఆవిడ విస్తరి వేసింది. ఆయన కూర్చోలేదు. "తొందరేం లేదు, ఉండండి, తిని వెళ్ళండి" అంది. ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. రేవులో గుండె ఆగిపోయింది.

"పదో రోజున పిండం పెడితే కాకి ముట్టలేదండి మేడం. మధ్యాహ్నం దాకా నిలబడ్డాం. ఆయన కోపంతోనే పోయాడు, ఇంకా కోపం తీరలేదు అన్నారు చుట్టాలు. అమ్మ ఏమీ అనలేదు. హోటలు మళ్ళీ తెరిచింది, వండుతోంది, వడ్డిస్తోంది. కానీ ఆ రెండు మాటలూ మానేసిందండి. ఎవర్నీ పిలవదు, ఎవర్నీ ఉండమనదు. వచ్చినవాళ్ళే వచ్చి, తిని, లేచి పోతున్నారు. మా ఇల్లు మా ఇల్లులా లేదు."

నాలోని పంతులమ్మే ముందు తేరుకుంది. "నీ పల్లవులు దొరికాయి కదా" అన్నాను. అన్నాక, ఎంత మొరటుగా అన్నానో అనిపించింది. కానీ ఆమె ముఖంలో, సెలవుల తర్వాత మొదటిసారి, ఏదో కదిలింది.

ఆ తర్వాత చాలా శనివారాలు ఆ పద్యంతోనే గడిచాయి. నిజం చెప్పాలంటే నా పని కొట్టివేయడమే. పల్లవిని ఒకచోట "విస్తరి వేశానయ్యో, రండి" అని మార్చి తెచ్చింది, ఒప్పుకోలేదు. మరోసారి నాలుగు చోట్లా ఆవిడ భర్తతోనే మాట్లాడింది, నాలుగూ ఒకేలా వినబడ్డాయి. "మొదటిసారి మీ నాన్నతో అనిపించకు. బండి దిగినవాళ్ళతో అనిపించు. చదివేవాడు అది హోటలు కేక అనుకోవాలి, నవ్వుకోవాలి" అన్నాను. "పల్లవి ముందు రెండు పాదాలే నీ చేతిలో ఉన్నది. ఆ రెండింటిలో చోటు మార్చెయ్. పల్లవి దగ్గరికి వచ్చి వివరించకు."

ప్రాస గురించి ఆమే ఒక మాట అంది. మనకి క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి 'న్నాను, న్నాను' అని ఎంతసేపైనా ప్రాస కలపొచ్చు, చవక. అందుకని వీలైనన్ని చోట్ల వస్తువుల పేర్లే పట్టుకొచ్చి కూర్చింది. చారు, నీరు, చూరు, బండి, తిండి. ఆ తెలివికి లోపల్లోపల పొంగిపోయి, పైకి మాత్రం "ఫరవాలేదు" అన్నాను. చివరికి పద్యం ఇలా కుదిరింది.

విస్తరి వేశాను, రండి.
ఇంకా కూత వెయ్యలేదు, పొగలు కక్కుతోంది చారు.
తొందరేం లేదు, ఉండండి.

అందరూ తిని లేచాక, కదిలి పోయాక బండి,
వంటింటి గడప దగ్గర నిలబడేవారు మీరు.
విస్తరి వేశాను, రండి.

ఆ ఉదయం మాటకి మాట, మీరు నాకంటే మొండి,
చెప్పులేసుకున్నారు, ముట్టలేదు చుక్క నీరు.
తొందరేం లేదు, ఉండండి.

పిండం పెట్టి నిలుచున్నాం, ఎండలో గొంతులెండి,
కాకి ముట్టలేదు, తలో మాటా అంది ఊరు.
విస్తరి వేశాను, రండి.

మీ ముఖం మసకవుతోంది, కళ్ళు రెండూ నిండి,
ఏదో అందామంటే రాదు, మూసుకుంది నోరు.
తొందరేం లేదు, ఉండండి.

కోపముంటే ఉండనీండి, మూత పెట్టి ఉంది తిండి,
ఎప్పుడొచ్చినా సరే, అదే గడప, అదే చూరు.
విస్తరి వేశాను, రండి.
తొందరేం లేదు, ఉండండి.

మొదటి పల్లవి సంగతి చూడండి. మొదట అది ఊరందరికీ వేసే కేక. రెండోసారికి బండి వెళ్ళిపోయింది, జనం లేరు, అదే కేక ఒక్క మనిషి కోసం గొంతు తగ్గించి అన్న మాట. ఆ ఇద్దరి కాపురమంతా అందులో ఉంది. మూడోసారికి ఆ మనిషే లేడు. పిలిస్తే రావలసింది కాకి.

రెండో పల్లవి ఇంకా గడుసుది. మొదటిసారి అది హోటలు వాళ్ళ తియ్యని అబద్ధం, తొందర ఉంది, బండి వెళ్ళిపోతుంది. రెండోసారి వెళ్ళిపోయే మొగుడికి అడ్డుపడటం. మూడోసారి నోరు తెరవకుండా, చెరిగిపోతున్న ఆయన ముఖంతో లోపల్లోపల అనుకోవడం. అంతదాకా ఈ రెండు పాదాలూ ఒకదానికొకటి దూరంగానే తిరుగుతాయి. చివర్న ఎదురుపడ్డప్పుడు, రమ్మనడంలో బతిమాలడం పోయింది. వస్తే రండి, కోపంతోనే రండి, నేనెక్కడికీ పోను. ఇక తొందరేం లేదు, ఉండండి అన్న మాట మొదట్లో అబద్ధమే గాని, పోయినవాళ్ళ విషయంలో దానంత నిజం లేదు.

"అమ్మ ఇది వినాలండి" అంది ఆ అమ్మాయి. నాకు భయం వేసింది. పచ్చి పుండు మీద పద్యం పెడితే మందవుతుందో కారమవుతుందో ఎవరికి తెలుసు? ఆ మాటే అన్నాను.

"నాకూ తెలీదండి. కానీ కాకి రాలేదని ఊరంతా అమ్మకి చెప్పారు గదండీ. ఇంకోలా కూడా అనుకోవచ్చని ఒక్కళ్ళూ చెప్పలేదు."

కాలేజీ వార్షికోత్సవంలో చదివిద్దాం అనుకున్నాం. పద్యం కాలేజీ పత్రికలో కూడా వేయించాలని మాస్టారికి ఇచ్చాను. పత్రిక సంపాదకుడు ఆయనే. ప్రూఫులూ గట్రా అన్నీ తెనాలి ప్రెస్సులో ఆయనే చూసుకునేవారు.

వార్షికోత్సవం రోజున తెనాలి స్టేషన్లో ఆ అమ్మాయి తల్లి కోసం నిలబడ్డాను. రేపల్లె బండి దిగింది. బక్కపల్చటి మనిషి, చేతిలో టిఫిన్ క్యారియరు. భర్త పోయాక ఊరు దాటడం అదే మొదటిసారట. బాపట్ల దాకా పక్కపక్కనే కూర్చున్నాం. ఏదో ఒకటి మాట్లాడాలని వంటల గురించి అడిగాను. "ఏముందండి, మామూలే" అంది. మాస్టారు ఎదురు సీట్లో కూర్చుని తెగ సంబరంగా ఉన్నారు. పత్రికలు ముందురోజే కాలేజీకి చేరాయట.

కాలేజీ గేటు దగ్గర ఆ అమ్మాయి ఎదురొచ్చింది. ముఖం పాలిపోయింది. చేతిలో పత్రిక తెరిచి నాకు చూపించింది.

మొదటి చరణం ఉన్నదున్నట్టుంది. రెండో చరణం చివర "అన్నపూర్ణనై పిలిచాను, రండి" అని ఉంది. మూడోదాని చివర "ఆగ్రహము మాని నిలువుండి". నాలుగోదానికి "వాయస రూపమున రండి". అలా చివరిదాకా ఒక్క పల్లవి మిగల్లేదు.

"మాస్టారూ!" అన్నాను. నా గొంతు విని గూర్ఖా కూడా తిరిగి చూశాడు.

ఆయన ముఖం వెలిగిపోతోంది. "చూశావా అమ్మా? పిల్ల బాగా రాసింది గాని, అన్న పాదమే మళ్ళీ మళ్ళీ వచ్చింది. పునరుక్తి దోషం గదా? పాపం తండ్రి పోయిన దుఃఖంలో చూసుకోలేదనుకున్నా. పరీక్షల మధ్య పిల్లని ఇబ్బంది పెట్టడం ఎందుకని నేనే పూరించా. ప్రాస ఎక్కడా తప్పలేదు, గమనించు."

ఏమనను? ముప్ఫై ఏళ్ళుగా పిల్లలు రాసిన పద్యాల్లో ఆ దోషమే ఎర్రసిరాతో దిద్దుతూ వచ్చిన చెయ్యి ఆయనది. ఆయన ప్రేమకొద్దీ చేసిన పని అది. ప్రేమతో చేసినదాన్ని తిట్టడం కష్టం, అయినా తిట్టాను.

"నాటకంలో మీరు వన్స్ మోర్ అంటే పాత్రధారి ఇంకో పద్యం అందుకుంటే ఊరుకుంటారా?"

"అది వేరమ్మా. అది రంగస్థలం. ఇది కాగితం."

"అయితే ఇవాళ రంగస్థలం మీదే వినండి" అన్నాను.

ఆ అమ్మాయి మాత్రం కోప్పడలేదు. "నేను చదవనండి మేడం. అచ్చులో అందరి చేతుల్లోనూ ఇదే ఉంది. నేను వేరేగా చదివితే మాస్టారి పరువు పోతుంది" అంది. కాస్త దూరంలో వాళ్ళమ్మ క్యారియరు పట్టుకుని, మమ్మల్నే చూస్తూ నిలబడి ఉంది.

"మాస్టారి పరువు సంగతి మాస్టారు చూసుకుంటారు. మీ అమ్మ ఎవరి పద్యం వినడానికొచ్చింది?" అన్నాను. ఆమె పత్రిక మూసి నా చేతిలో పెట్టేసింది.

సాయంత్రం హాలు నిండింది. ఎవరిదో ఏకపాత్రాభినయం అయ్యాక ఆ అమ్మాయి పేరు పిలిచారు. కాగితం లేకుండా వచ్చి నిలబడింది. మాస్టారు ముందు వరసలో పత్రిక తెరిచి, వేలు పెట్టి పాదం పాదం చూసుకుంటున్నారు. నేనూ, వాళ్ళమ్మా ఆయన వెనక వరసలో ఉన్నాం.

"విస్తరి వేశాను, రండి" అని ఆమె పిలవగానే హాలంతా నవ్వింది. మంచి హోటలు కేక. కుర్రాళ్ళు "వచ్చేశాం" అన్నారు. రెండో చరణంలో ఆ మాటే మెల్లగా అనేసరికి మాస్టారి వేలు ఆగింది. తన పాదం లేదు. తల అడ్డంగా ఊపారు. మూడో చరణంలో "తొందరేం లేదు" అన్నప్పుడు కుర్రాళ్ళ నవ్వులు ఆగిపోయాయి. నా పక్కన ఆవిడ అంతదాకా నేల చూస్తున్నది, తలెత్తింది.

నాలుగో చరణం. కాకి ముట్టలేదు, తలో మాటా అంది ఊరు. అక్కడ ఆ పిల్ల ఆగింది. గొంతు పెంచలేదు, వణికించలేదు. మొదటి చరణంలో బండి దిగిన జనాన్ని ఎలా పిలిచిందో అచ్చం అలాగే, అంత మామూలుగా అంది. "విస్తరి వేశాను, రండి."

మాస్టారు పత్రిక మూశారు. కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. తర్వాత ఆయన వేలుతో ఏమీ చూసుకోలేదు.

చివర రెండు పాదాలూ కలిశాయి. వెనక నుంచి ఎవడో "వన్స్ మోర్!" అన్నాడు. ఇంకో నలుగురు అందుకున్నారు. ఆ అమ్మాయికి ఏం చెయ్యాలో తోచలేదు. అప్పుడు మాస్టారు లేచి వెనక్కి తిరిగారు.

"కూర్చోండ్రా" అన్నారు. "వన్స్ మోర్ లోపలే ఉంది. నాలుగుసార్లు పాడింది గదా పిల్ల. మీకు వినబడలా? నాకూ ఇప్పుడే వినబడింది."

తిరుగు బండిలో వాళ్ళమ్మ కిటికీ పక్కన కూర్చుంది. పద్యం గురించి ఒక్క మాట లేదు. బాధపెట్టామేమోనని నా ప్రాణం పీకుతోంది. నిడుబ్రోలు దాటాక ఆవిడే అడిగింది.

"అమ్మా, కోపంగా ఉన్నవాళ్ళని కూడా అలా పిలవచ్చంటారా?"

"పిలవచ్చండి."

"రాకపోయినా?"

"రాకపోయినా పిలవచ్చు."

ఆవిడ తల ఊపింది. తెనాలిలో దిగి రేపల్లె బండి ఎక్కింది.

ఆ ఆదివారం మాస్టారు మా ఇంటికొచ్చి, "పద తల్లీ, రేపల్లె వెళ్ళొద్దాం. ఆ పిల్లకి నేను చెప్పుకోవలసింది ఉంది" అన్నారు. సెలవు కాబట్టి ఆ అమ్మాయి ఇంటి దగ్గరే ఉంది. హోటలు అరుగు మీద ఎవరూ లేరు. ఎవరూ పిలవలేదు. మేమే లోపలికి వెళ్ళాం.

మాస్టారు నిలబడే చెప్పారు. "నీ పద్యం పాడుచేశానమ్మా. దోషం అనుకున్నదే దాని ప్రాణమని తెలుసుకోలేకపోయాను."

"అయ్యో, అదేంటి మాస్టారూ, కూర్చోండి" అని ఆ అమ్మాయి కంగారుపడింది. వాళ్ళమ్మ వంటింట్లోంచి వచ్చి, ఏమీ అనకుండా రెండు విస్తళ్ళు వేసింది. మేం కూర్చున్నాం. పప్పు, వంకాయ కూర, చారు. అన్నీ రుచిగానే ఉన్నాయి, ఇల్లు మాత్రం మూగగా ఉంది. పెరటి గోడ మీద చిన్న ఆకు ముక్కలో ముద్ద కనబడింది. కాకి వచ్చిందా లేదా అని ఆవిడ అటు చూడటం లేదు.

ఎదురుగా స్టేషన్లో ఇంజన్ అటు తగిలించుకుంటున్న చప్పుడు వినబడింది. మాస్టారు రైలంటే ఊరికే కంగారుపడే మనిషి. మజ్జిగ దాకా రాకుండానే ఎడమ చెయ్యి నేల మీద ఆనించి లేవబోయారు. "ఇక చాలమ్మా, బండి వెళ్ళిపోతుంది."

చారు గిన్నె పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడిన ఆవిడ ఆయన్ని చూసింది. సగం ఖాళీ అయిన ఆయన విస్తరిని చూసింది.

"తొందరేం లేదు, ఉండండి" అంది.

వడ్డిస్తున్న ఆ అమ్మాయి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. తల తిప్పి నా వైపు చూసింది, కళ్ళనిండా నీళ్ళు. పద్యంలో ఆ పాదం నాలుగుసార్లే వస్తుంది. నాలుగూ నేను దగ్గరుండి దిద్దించినవే. ఇది ఎవరూ దిద్దింది కాదు.

బయట ఇంజన్ కూత వేసింది. మాస్టారు మళ్ళీ సర్దుకుని కూర్చుని, మజ్జిగ పొయ్యమని విస్తరి ముందుకు జరుపుకున్నారు.